లోటు ఒక పద్దు, గెలుపు మరో పద్దు

క్వార్టర్ ముగిసిన మొదటి వారంలో ప్రాంతీయ సేల్స్ అధిపతి తన జట్టును కూర్చోబెట్టి మాట్లాడటం దాదాపు ప్రతి కంపెనీలోనూ ఉన్నదే. టార్గెట్ కొట్టినప్పుడు ఆ ప్రసంగం సాఫీగా సాగుతుంది. అన్ని వైపులా దెబ్బతిన్నప్పుడు మాట కష్టమే అయినా చెప్పాల్సిందేమిటో స్పష్టంగా ఉంటుంది. చిక్కంతా మూడో రకంతోనే. అమ్మకం టార్గెట్‌ను చేరలేదు, కానీ అదే మూడు నెలల్లో, ఏళ్ల తరబడి గడప తొక్కనివ్వని పెద్ద కస్టమర్లు ఇద్దరో ముగ్గురో చేతికొచ్చారు. సేల్స్ వాళ్లు వీళ్లను కీ అకౌంట్లు అంటారు. కంపెనీ అమ్మకాల్లో పెద్ద భాగాన్ని ఏళ్ల పాటు నిలకడగా మోయగల ఖాతాలన్నమాట.

ఇలాంటి సందర్భంలో ప్రసంగం సాధారణంగా రెండు తీర్లలో చెడిపోతుంది. కొందరు అధిపతులు గెలిచిన ఖాతాల గురించి అరగంట మాట్లాడి లోటును ఒక్క వాక్యంలో దాటేస్తారు. విన్నవాళ్లు చప్పట్లు కొట్టి బయటికొచ్చాక, అసలు సంగతి దాచారని తమలో తాము అనుకుంటారు. మరికొందరు జిల్లాల వారీగా లోటును చదివి, ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగి, చివర్లో కొత్త ఖాతాల పేర్లు మొక్కుబడిగా చెబుతారు. నెలల తరబడి ఆ ఖాతాల వెంట తిరిగినవాళ్లకు ఇకపై డీలర్ దగ్గర కూర్చుని బిల్లింగ్ చేయించుకోవడమే మేలనిపిస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. లోటునూ గెలుపునూ ఒకే పద్దులో వేసి, ఒకదాంతో ఒకటి కొట్టేయాలని చూడటం. అవి రెండు వేర్వేరు కాలాలకు చెందిన లెక్కలు. లోటు గడిచిన మూడు నెలలది. గెలుపు రాబోయే ఏడాదిది. మంచి ప్రసంగం రెండింటినీ విడివిడిగా, పూర్తిగా చెబుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి సిమెంటు వ్యాపారం అనువైనది. తెలుగు రాష్ట్రాల్లో సున్నపురాయి దొరికే చోటల్లా, అంటే తాండూరు, హుజూర్‌నగర్, మట్టపల్లి, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వెలిశాయి. దక్షిణాదిలో వాటి సామర్థ్యం గిరాకీని మించి ఉంది. అందువల్ల పోటీ తీవ్రం, ధర నిలవడం కష్టం. అమ్మకం రెండు దారుల్లో జరుగుతుంది. డీలర్ల ద్వారా 50 కిలోల బస్తాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు చేరేది ట్రేడ్. బిల్డర్లకు, కాంట్రాక్టర్లకు, రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లకు కంపెనీ నేరుగా అమ్మేది నాన్‌ట్రేడ్. ట్రేడ్‌లో ధర మెరుగ్గా ఉంటుంది, డబ్బు త్వరగా వస్తుంది. నాన్‌ట్రేడ్‌లో ధర తక్కువ, అప్పు గడువు ఎక్కువ. కాకపోతే ఒకసారి కుదిరితే ప్రతి నెలా నిలకడగా సరుకు పోతుంది. వానలు పడే జులై–సెప్టెంబర్ క్వార్టర్ ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పల్చటిది.

ఒక కంపెనీకి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి ఒక రీజియన్ అనుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే అయినా తీరు మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసినదే. ఆ క్వార్టర్‌కు టార్గెట్ 3 లక్షల టన్నులు. పోయిన సరుకు 2,64,000 టన్నులు. అంటే 88 శాతం, లోటు 36,000 టన్నులు. అందులో నాన్‌ట్రేడ్ వాటా 2,000 మాత్రమే. మిగిలిన 34,000 టన్నులూ డీలర్ల వైపే తగ్గాయి. ఇదే క్వార్టర్‌లో మూడు పెద్ద ఖాతాలు కుదిరాయి. హైదరాబాద్ చుట్టూ 6 ప్లాంట్లున్న ఒక రెడీమిక్స్ కంపెనీ, అపార్ట్‌మెంట్లు కట్టే ఒక పెద్ద బిల్డర్, ఒక రోడ్డు కాంట్రాక్టర్.

ప్రసంగం హాల్లో మొదలైనట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అంతకు నాలుగైదు రోజుల ముందే లెక్కల దగ్గర మొదలవుతుంది. "వానల వల్ల తగ్గింది" అన్న మాట నోటికి రావడానికి ముందు, వాన తెచ్చిన లోటు ఎంతో విడదీసి చూడాలి. దానికొక మార్గం ఉంది. చాలామంది డీలర్లు ఒకే కౌంటర్ మీద మూడు నాలుగు బ్రాండ్లు అమ్ముతారు. ఆ కౌంటర్లలో అన్ని బ్రాండ్లూ కలిపి అమ్మకం ఎంత తగ్గిందో అడిగితే, అది వాన చేసిన పని. అంతకు మించి సొంత బ్రాండ్ తగ్గిందంటే కారణం ఆకాశంలో లేదు. ఈ ఉదాహరణలో కౌంటర్ల మొత్తం అమ్మకం అనుకున్నదానికన్నా 7 శాతం తగ్గింది. ట్రేడ్ టార్గెట్ 2,10,000 టన్నులు కాబట్టి వాన ఖాతాలో వేయదగ్గది సుమారు 15,000 టన్నులు. ఇంకా 19,000 టన్నులకు సమాధానం కావాలి.

అందులో 11,000 టన్నులు ఖమ్మం, గుంటూరు జిల్లాల్లో పోయాయి. ఆగస్టులో పోటీ కంపెనీ డీలర్లకు కొత్త స్కీమ్ ఇచ్చింది. ఇక్కడి ఆఫీసర్లు రెండో రోజే ఆ సంగతి పైకి రాశారు. దానికి దీటైన స్కీమ్‌కు ప్రాంతీయ కార్యాలయం నుంచి అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా కొందరు డీలర్లు అటు తిరిగారు. ఈ లోటు జిల్లా ఆఫీసర్లది కాదు, నిర్ణయం ఆపుకున్న బల్లది. ఆ బల్ల ఎవరిదో హాల్లో అందరికీ తెలుసు.

మిగిలిన 8,000 టన్నుల కథ అంతకు ముందు క్వార్టర్లోనే మొదలైంది. జూన్ చివరి వారంలో టార్గెట్ కొట్టడానికి డీలర్ల గోడౌన్లలోకి అవసరానికి మించి సరుకు దించారు. సేల్స్ వాళ్లు దీన్ని డంపింగ్ అంటారు. కాగితం మీద జూన్ టార్గెట్ నిండింది. జులైలో ఆ డీలర్లు కొత్తగా ఒక్క లారీ కూడా ఎత్తలేదు. పైగా బస్తా సిమెంటు వానాకాలం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూడు నెలలు దాటి నిల్వ ఉన్న సిమెంటును మళ్లీ పరీక్షించి గానీ వాడకూడదన్నది ఇంజనీర్లు పాటించే నియమం. ఆ గడువు దగ్గరపడుతుంటే డీలర్లు బస్తాకు పదో పరకో తగ్గించి వదిలించుకున్నారు. దాంతో పక్క డీలర్ల ధర కూడా పడిపోయింది. డంపింగ్ జరిగిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నెల బిల్లింగ్‌లో సగం చివరి ఐదు రోజుల్లో ఉండి, వచ్చే నెల మొదటి పది రోజులు ఖాళీగా ఉంటే అది డంపింగే. ఈ అలవాటు చిన్నదేమీ కాదు. అమెరికాలో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే మందుల కంపెనీ క్వార్టర్ చివర్లలో హోల్‌సేలర్లకు గిరాకీని మించి సరుకు పంపి అమ్మకాలు పెంచి చూపిన వ్యవహారంలో, 2004లో అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థతో రాజీకి 15 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

ఇంత విడదీసిన తర్వాతే ప్రసంగం మొదటి ఐదు నిమిషాలు కుదురుతాయి. అవి ఇలా ఉండవచ్చు.

"అందరికీ నమస్కారం. ముందు అంకె చెబుతాను. మన టార్గెట్ 3 లక్షల టన్నులు. 2,64,000 దగ్గర ఆగాం. 36,000 టన్నులు తక్కువ. ఇందులో 15,000 వానల వల్ల పోయింది. దానికి ఎవరినీ అనేది లేదు. 11,000 ఖమ్మం, గుంటూరుల్లో పోయింది. అక్కడి నుంచి కబురు టైముకే వచ్చింది. స్కీమ్ క్లియర్ చేయడంలో ఆలస్యం నాది. 8,000 జూన్‌లో మనమే గోడౌన్లలో కుక్కిన సరుకు. ఆ రోజు వద్దని చెప్పినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేనే వినలేదు. ఇక నుంచి నెల చివరి ఐదు రోజుల్లో ఏ డీలర్‌కైనా మామూలు నెల అమ్మకాన్ని మించి బిల్ చేయాలంటే నా సంతకం ఉండాలి."

ఈ మాటల్లో క్షమాపణ ధోరణి లేదు, నాటకీయత లేదు. డీలర్ల వైపు తగ్గిన ప్రతి టన్నుకూ ఒక కారణం ఉంది, మన చేతిలో ఉన్న ప్రతి కారణానికీ ఒక యజమాని ఉన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ వైనర్ మనుషులు తమ ఓటమికి కారణాలు ఎలా వెతుక్కుంటారన్న విషయం మీద దశాబ్దాల పాటు పనిచేశారు. కారణం తమ చేతిలో ఉన్నదని, మారేదని నమ్మినవాళ్లు మళ్లీ ప్రయత్నిస్తారని, అది ఎప్పటికీ మారనిదని అనుకున్నవాళ్లు చేతులు వదిలేస్తారని ఆయన సిద్ధాంతం చెబుతుంది. సేల్స్ హాల్లో దీని అర్థం సూటిగా తెలుస్తుంది. లోటు మొత్తాన్నీ వాన మీదికి నెడితే జట్టు వచ్చే వానాకాలం కోసం ఎదురుచూస్తుంది. మొత్తం ఆఫీసర్ల మీదికి నెడితే వాళ్లు ఇంకో కంపెనీలో ఉద్యోగం వెతుక్కుంటారు. విడదీసి చెబితే 19,000 టన్నులు మన చేతిలో ఉన్నవేనని అందరికీ అర్థమవుతుంది. అధిపతి తన వాటాను ముందుగా ఒప్పుకోవడం వినయం కోసం చేసేది కాదు. ఆ ఒక్కటీ వదిలేస్తే మిగతా లెక్కను ఎవరూ నమ్మరు.

ఇక రెండో పద్దు. గెలిచిన ఖాతాల గురించి మాట్లాడేటప్పుడు 'అద్భుతం', 'చారిత్రకం' లాంటి మాటలకన్నా అసలు ఏం జరిగిందో చెప్పడమే ఎక్కువ పని చేస్తుంది. రెడీమిక్స్ కంపెనీ ఎలా వచ్చిందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

రెడీమిక్స్ ప్లాంటు సిమెంటు బ్రాండ్ మార్చడమంటే దుకాణంలో సబ్బు మార్చినంత తేలిక కాదు. కొత్త సిమెంటుతో ట్రయల్ మిక్స్ వేయాలి. 150 మిల్లీమీటర్ల కొలత గల ఘనాకారపు దిమ్మెలు పోసి, నీళ్లలో ఉంచి, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని యంత్రంలో నొక్కి బలం చూడాలి. ఎం30 రకం కాంక్రీటుకు డిజైన్‌లో చదరపు మిల్లీమీటరుకు సుమారు 38 న్యూటన్ల సగటు బలం లక్ష్యంగా పెట్టుకుంటారు. జులైలో వేసిన మొదటి ట్రయల్‌లో బలం దాకా వెళ్లకముందే చిక్కొచ్చింది. కలిపినప్పుడు కాంక్రీటు స్లంప్ 150 మిల్లీమీటర్లు ఉండగా, గంట తిరిగేసరికి 60కి పడిపోయింది. స్లంప్ అంటే పచ్చి కాంక్రీటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మిక్సర్ లారీ సైట్‌కు చేరడానికే గంటన్నర పడుతుంది. గంటకే గట్టిపడే కాంక్రీటును పంపులోకి ఎవరూ పోయరు.

సేల్స్ ఆఫీసర్ అక్కడే ఆగి ఉంటే ఖాతా చేజారేది. సిమెంటు కంపెనీలో టెక్నికల్ సర్వీసెస్ అని ఒక విభాగం ఉంటుంది. అక్కడి ఇంజనీరు ప్లాంటు ల్యాబ్‌లోనే కూర్చుని మార్ష్ కోన్ పరీక్ష చేశారు. సన్నటి గరాటు లాంటి పాత్రలో సిమెంటు, నీళ్లు, అడ్మిక్స్చర్ కలిపిన ముద్ద పోసి, అది కిందికి జారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్ష అది. కాసేపాగి మళ్లీ పోసినప్పుడు సమయం బాగా పెరిగితే, ఆ సిమెంటుకూ ఆ అడ్మిక్స్చర్‌కూ పొసగడం లేదని అర్థం. సిమెంటులో లోపం లేదని, ప్లాంటు వాడుతున్న అడ్మిక్స్చర్ రకం, మోతాదు దీనికి సరిపడటం లేదని తేలింది. అడ్మిక్స్చర్ కంపెనీ వాళ్లను పిలిపించి రకం మార్పించి, మళ్లీ మిక్స్ వేశారు. మళ్లీ 28 రోజులు. రెండు ట్రయల్స్‌కూ మధ్యలో పరీక్షలకూ కలిపి రెండు నెలలు గడిచాయి. ఆ తర్వాత వెండర్ కోడ్, రేటు ఒప్పందం, బ్యాంకు గ్యారంటీ. మొదటి ఆర్డర్ చేతికొచ్చేసరికి సెప్టెంబర్ ఆఖరు. అందుకే ఈ ఖాతా ఈ క్వార్టర్ అమ్మకంలో ఒక్క టన్ను కూడా కలపలేదు.

ప్రసంగంలో చెప్పాల్సింది సరిగ్గా ఇదే కథ. "మన టెక్నికల్ ఇంజనీరు నాలుగు రోజులు వాళ్ల ల్యాబ్‌లో ఉన్నారు, గరాటు పట్టుకుని సెకన్లు లెక్కపెట్టారు" అన్నప్పుడు హాల్లో ప్రతి ఒక్కరికీ పని కనిపిస్తుంది. "బ్రహ్మాండమైన టీమ్‌వర్క్" అంటే ఏమీ కనిపించదు. పైగా పెద్ద ఖాతా గెలిచినప్పుడు పేరంతా ఆర్డర్ మీద సంతకం తెచ్చిన ఒక్కరికే పోతుంటుంది. అప్పు పరిమితిని ఆమోదించడానికి కస్టమర్ బ్యాలన్స్ షీట్లు తిరగేసిన క్రెడిట్ విభాగం మనిషి, ట్రయల్ కోసం ఒక్క బల్కర్‌ను రాత్రికి రాత్రి పంపిన డిస్పాచ్ మనిషి మరుగున పడిపోతారు. వాళ్ల పనిని కూడా పేరుతో సహా చెబితే, వచ్చే ఖాతా విషయంలో ఫోన్ చేసినప్పుడు మళ్లీ పలుకుతారు.

గెలుపు కథ చెప్పాక దాని కొలత చెప్పాలి. చాలా ప్రసంగాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. రెడీమిక్స్ కంపెనీ 6 ప్లాంట్లూ కలిపి నెలకు 6,000 టన్నుల సిమెంటు వాడతాయి. ఒక బల్కర్ 30 టన్నులు మోస్తుందనుకుంటే రెండు వందల బల్కర్లు. కానీ ఏ రెడీమిక్స్ కంపెనీ అయినా ఒకే సిమెంటు మీద ఆధారపడదు. ఇద్దరు ముగ్గురి దగ్గర కొంటుంది. మన వాటా 40 శాతం అనుకుంటే పూర్తిస్థాయిలో నెలకు 2,400 టన్నులు. అది కూడా మొదటి నెలే రాదు. అక్టోబర్‌లో ఒక ప్లాంటులో 400, నవంబర్‌లో 1,200, డిసెంబర్‌కు 2,400. బిల్డర్ మూడు నెలల్లో 500, 700, 900 టన్నులు ఎత్తుతారు. రోడ్డు కాంట్రాక్టర్ మిక్స్‌కు ఇంకా పైవాళ్ల ఆమోదం రావాలి కాబట్టి నవంబర్‌లో 600, డిసెంబర్‌లో 1,200. అన్నీ కలిపితే వచ్చే క్వార్టర్లో 7,900 టన్నులు.

ఈ అంకెను లోటు పక్కన పెట్టి చూడాలి. లోటు 36,000. మూడు ఖాతాలూ పూర్తిస్థాయికి వచ్చాక కూడా నెలకు 4,500, క్వార్టర్‌కు 13,500 టన్నులే. "కొత్త ఖాతాలతో ఈ గండి పూడిపోతుంది" అని అధిపతి ఉత్సాహంలో అన్నారంటే, చదువుకున్న కుర్రాడెవరైనా ఫోన్‌లో రెండు నిమిషాల్లో ఆ మాట తప్పని తేల్చేస్తాడు. నమ్మకం అక్కడితో పోతుంది. ఖమ్మం, గుంటూరు డీలర్లను వెనక్కి తెచ్చుకోవడానికి పెద్ద ఖాతాలు ఏ విధంగానూ ప్రత్యామ్నాయం కావు. అవి వేరే ఆస్తి.

ఆ ఆస్తికి ఖర్చు కూడా ఉంది. నాన్‌ట్రేడ్ ధర ట్రేడ్ కన్నా బస్తా లెక్కన 30 రూపాయలు తక్కువ అనుకుంటే, టన్నుకు 20 బస్తాలు కాబట్టి 600 రూపాయల తేడా. డీలర్ వారంలోనో రెండు వారాల్లోనో డబ్బు కడతాడు. పెద్ద కస్టమర్ 60 రోజుల గడువు అడుగుతాడు. టన్ను 5,000 రూపాయల చొప్పున నెలకు 4,500 టన్నులంటే రెండుంపావు కోట్ల సరుకు. రెండు నెలల గడువంటే ఎప్పుడూ నాలుగున్నర కోట్లు బయట ఉంటాయి. ఒక్క బిల్డర్ ప్రాజెక్టు ఆగిపోయినా ఆ డబ్బు ఇరుక్కుంటుంది. కీ అకౌంట్ వల్ల కంపెనీ బలపడిందా, లేక తక్కువ ధరకు ఎక్కువ అప్పు ఇచ్చిందా అన్నది తేలడానికి మరో ఆరు నెలలు పడుతుంది. ఈ సంగతిని దాచకుండా ఇలా చెప్పవచ్చు.

"మూడు ఖాతాలూ గెలిచాం. గెలిచామంటే నా లెక్కలో మూడు జరగాలి. ఆర్డర్ రావాలి, రెండోసారి ఆర్డర్ రావాలి, మొదటి బిల్లు డబ్బు గడువులో రావాలి. ఇప్పటికి మొదటిది అయింది. రెండోది అక్టోబర్‌లో చూస్తాం. మూడోది డిసెంబర్‌లో. అప్పటిదాకా వీటిని ఫోర్‌కాస్ట్‌లో నేను చెప్పిన టన్నులకు మించి ఎవరూ రాయొద్దు."

కొత్త ఖాతా చేజారడానికి తొలి మూడు నెలలే ప్రమాదకరం. సరుకు ఒక రోజు ఆలస్యమై ప్లాంటు సైలో ఖాళీ అయితే, మరో బ్రాండ్ బల్కర్ ఆ సాయంత్రమే గేటు ముందుంటుంది. ఒక బ్యాచ్ సిమెంటుకూ మరో బ్యాచ్‌కూ మధ్య బలం అటూ ఇటూ అయితే ల్యాబ్ మేనేజర్ మళ్లీ పాత కంపెనీకి ఫోన్ చేస్తాడు. అందువల్ల ప్రసంగంలో ఈ ఖాతాలకు ఒక్కొక్కరిని బాధ్యులుగా పేరు పెట్టి చెప్పడం, ఏ ఫ్యాక్టరీ నుంచి సరుకు పోతుందో ఖరారు చేయడం పొగడ్తకన్నా అవసరం.

ఇంతవరకూ చెప్పిన మాటలు విన్న హాల్లో ఒక గుంపు మాత్రం మౌనంగా ఉంటుంది. ఖమ్మంలో, ఆదిలాబాద్‌లో, శ్రీకాకుళంలో డీలర్ల మీదే పని చేసే ఆఫీసర్లు వాళ్లు. వాళ్ల జిల్లాల్లో రెడీమిక్స్ కంపెనీలు అంతగా లేవు. పెద్ద ఖాతాల గురించి ఎంత మాట్లాడితే వాళ్లకు తాము అంత చిన్నవాళ్లమనిపిస్తుంది. టార్గెట్ తప్పిన క్వార్టర్లో ఆ భారం నిజానికి మోసింది వాళ్లే. వానల్లో మోటార్ సైకిల్ మీద తిరిగి, పోటీ స్కీమ్‌ను తట్టుకుని, డీలర్‌ను పోనివ్వకుండా ఆపుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. ఒక జిల్లాలో కౌంటర్ల మొత్తం అమ్మకం 7 శాతం తగ్గితే, అక్కడ సొంత బ్రాండ్ కూడా 7 శాతమే తగ్గిందంటే ఆ ఆఫీసర్ తన వాటాను నిలబెట్టుకున్నట్టు. టార్గెట్ పట్టికలో మాత్రం అతను 93 శాతం దగ్గర ఎర్ర రంగులో కనిపిస్తాడు. ఆ ఎర్ర గడి వెనకున్న పనిని అధిపతి హాల్లో చెప్పకపోతే, చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

ఇన్సెంటివ్ సంగతి అందరి మనసులోనూ ఉంటుంది, ఎవరూ పైకి అడగరు. చాలా కంపెనీల్లో టార్గెట్‌లో ఒక మేరకు చేరితేనే ఇన్సెంటివ్ మొదలవుతుంది. ఇక్కడ ఆ గీత 90 శాతం అనుకుంటే, 88 దగ్గర ఆగిన రీజియన్‌కు రీజియన్ వాటా సున్నా. రెండు నెలలు ల్యాబ్ చుట్టూ తిరిగి ఖాతా తెచ్చినవాళ్లకూ అంతే. ఈ అన్యాయం చూసి "మీ సంగతి నేను చూసుకుంటా" అనడం అధిపతులకు బాగా అలవాటైన మాట. హెడ్ ఆఫీస్ ఒప్పుకోని డబ్బును హాల్లో వాగ్దానం చేస్తే, మూడు నెలల తర్వాత టార్గెట్ తప్పడం కన్నా పెద్ద నష్టం జరుగుతుంది. ముందే మాట్లాడి, ఒప్పుకున్నంత వరకే చెప్పాలి. ఏమీ ఒప్పుకోకపోతే "ఈ క్వార్టర్ ఇన్సెంటివ్ రాదు, కొత్త ఖాతాలకు వేరే లెక్క ఉండాలని నేను రాసి పంపాను, జవాబు వచ్చిన రోజే మీకు చెబుతాను" అని అంతటితో ఆపడం మంచిది. చేదుగా ఉన్నా ఆ మాట నిలుస్తుంది.

మొత్తం ప్రసంగానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. సమయం మించేకొద్దీ లోటు కారణాలు సమర్థనల్లా వినిపించడం మొదలవుతుంది. చివరి భాగం వచ్చే క్వార్టర్ గురించి. అది ఆవేశం కోసం కాదు, కేటాయింపు కోసం. అక్టోబర్ నుంచి పనుల సీజన్ మొదలవుతుంది కాబట్టి ఖమ్మం, గుంటూరులకు ముందుగా స్కీమ్ విడుదల చేయడం, పోటీ స్కీమ్ సమాచారానికి నలభై ఎనిమిది గంటల్లో అవుననో కాదనో జవాబివ్వడం, కొత్త ఖాతాల బాధ్యులను ప్రకటించడం. ఈ మూడింటిలో రెండు పనులు అధిపతి తాను చేస్తానని చెప్పేవి. జట్టును పని అడిగేది వాటి తర్వాతే.

ప్రశ్నలకు సమయం ఇవ్వాలి. మొదటి ప్రశ్న సాధారణంగా రాదు. ఎవరో ఒకరు ధైర్యం చేసి "జూన్‌లో సరుకు దించమని చెప్పింది ఎవరు?" అని అడిగితే, అప్పటికే ఆ సంగతి ఒప్పుకున్న అధిపతికి దాచుకోవాల్సింది ఉండదు. ఒప్పుకోని అధిపతికి ఆ ప్రశ్నతో ప్రసంగమంతా కూలిపోతుంది. వ్యక్తిగతంగా పని సరిగా చేయనివాళ్లతో మాట్లాడాల్సింది ఈ హాల్లో కాదు. ఆ మాటలు అదే వారంలో, తలుపు వేసుకుని, వాళ్ల జిల్లా అంకెలు ముందు పెట్టుకుని జరగాలి.

ప్రసంగం పని చేసిందా లేదా అన్నది చప్పట్లను బట్టి తెలియదు. తర్వాతి రెండు మూడు వారాల్లో కనిపించే చిన్న విషయాలు చెబుతాయి. ఆఫీసర్లు పంపే ఫోర్‌కాస్ట్ అంకెలు ముందులా గుండ్రంగా కాకుండా డీలర్ల వారీగా రావడం ఒకటి. చెడు కబురు త్వరగా రావడం ఇంకొకటి. డీలర్ వెళ్లిపోతానంటున్నాడని నెలాఖరులో కాక మొదటి వారంలోనే ఫోన్ వస్తే, చెడ్డ అంకె చెప్పినందుకు తిట్లు పడవని జట్టు నమ్మిందన్నమాట. అక్టోబర్ చివరి ఐదు రోజుల బిల్లింగ్ చూస్తే డంపింగ్ ఆగిందో లేదో తెలుస్తుంది. రెడీమిక్స్ ఖాతాలో రెండో ప్లాంటుకు ఆర్డర్ నవంబర్‌లో పడిందా, మొదటి బిల్లు డబ్బు డిసెంబర్ మొదటి వారానికి బ్యాంకులో చేరిందా అన్నవి ఆ తర్వాత చూడాల్సినవి. జనవరిలో జరిగే సమీక్షలో అధిపతి ముందుగా చదవాల్సిన అంకెలు ఇవే.